గీరిందంతే

వనపర్తిలో పార్సిళ్ళు పంచినన్నాళ్ళూ నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. గేటు దగ్గర హారన్ కొడితే లోపలి నుంచి "పార్సిల్ వచ్చిండు" అనేవాళ్ళు. వచ్చింది కాదు, వచ్చిండు. మొదట్లో నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు నేనే ఫోన్లో "నేను పార్సిల్‌ను, మీ గేటు కాడున్న" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. గద్వాలలో డిగ్రీ చదివి, పత్తి విత్తనాల గోదాములో కొంతకాలం సంచులు లెక్కపెట్టి, పెళ్ళయ్యాక వనపర్తి వచ్చి చేరిన ఉద్యోగం ఇది. నా భార్యది మానవపాడు వైపు ఊరు. ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఇద్దరి సంపాదనతో ఇల్లు నడిచేది, పెద్దగా ఫిర్యాదులేమీ లేవు.

ఆ పనిలో రూలు ఒకటి, నడక ఇంకొకటి. సామాను చేతికిచ్చి, వాళ్ళ ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి, మా యాప్‌లో కొట్టాలి. కొట్టగానే పార్సిల్ అందినట్టు ఫోను పచ్చగా మారుతుంది. రూలు ఇది. కానీ మేడ దిగి రావడానికి ఎవరికీ ఒళ్ళు వంగదు. పైనుంచే అంకెలు అరిచి, "లోపలికొచ్చి మెట్ల మీద పెట్టిపో తమ్మీ" అని లోపలికి వెళ్ళిపోతారు. అంకెలు వినబడినప్పుడే కొట్టుకోకపోతే మళ్ళీ పిలవాలి, మళ్ళీ పిలిస్తే విసుక్కుంటారు. అందుకని మేమంతా ముందు గేటు బయటే అంకెలు కొట్టి, ఆ తర్వాత గేటు తెరిచేవాళ్ళం. ఈ చిన్న ముందువెనకలు ఎక్కడికి దారితీస్తాయో మాకెవరికీ తోచలేదు.

ఆ ఇల్లు ఊరి చివర కొత్త కాలనీలో, చివరి వరుసలో ఉంది. ఆయనకు ఒక మిల్లులో వాటా, కొల్లాపూర్ దగ్గర మామిడి తోట. వీధిలో అందరూ సార్ అనేవాళ్ళు, నేనూ అలాగే అనేవాణ్ణి, ఆయన భార్యను అమ్మ అనేవాణ్ణి. నేను తెచ్చింది ఫోను కవరు, అరచేతిలో పట్టేంత. పొద్దు ఇంకా తిరగలేదు. మేడ మీద నుంచి ఆయన భార్య అంకెలు చెప్పి మెట్ల మీద పెట్టిపొమ్మంది, నేను కొట్టాను, ఫోను పచ్చబడింది. గేటు లోపలికి తెరుచుకునేది. గేటు నుంచి మెట్ల దాకా సిమెంటు బాట. బాటకు ఎడమ పక్క బోరు మోటారు పెట్టిన ఇనుప పెట్టె, దాని వెనక కుక్కను కట్టే గొలుసు. గోధుమ రంగు కుక్క. ఎన్నోసార్లు చూశాను, ఎప్పుడూ మొరిగేది, కట్టేసి ఉండేది. ఆ రోజు మొరగలేదు. మొరగలేదు కాబట్టి లేదనుకున్నాను.

కవరు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాను. మోటారు పెట్టెకూ మెట్లకూ మధ్య, పెట్టెకు దగ్గరగా, అది పెట్టె వెనకనుంచి వచ్చి కుడి పిక్క పట్టుకుంది. పట్టుకుని విడిచిపెట్టలేదు, తల అటూ ఇటూ విదిలించింది. నేను వంగి నెట్టబోతే ఎడమ ముంజేతిని అందుకుంది. హెల్మెట్‌తో దాని ముక్కు మీద కొట్టాక వదిలి, పెట్టె వెనకకు పోయి నిలబడింది. అప్పుడూ మొరగలేదు. మూతి నుంచి జొల్లు తీగలాగా సాగుతోంది. ప్యాంటు చినిగి, పిక్క వెనక నాలుగు గాట్లు: రెండు లోతుగా, రెండు పైపైన, లోతైన రెంటి మధ్య తోలు లేచిపోయి వేలాడుతోంది. ముంజేతి మీద మూడు గీతలు, ఒక దాంట్లోంచి రక్తం బొట్లు బొట్లుగా. ఇవన్నీ నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ తర్వాత నేను తప్ప ఇంకెవరూ వాటిని సరిగ్గా చూడలేదు.

సార్ దిగి వచ్చాడు. కాలు చూడలేదు, కుక్కను చూశాడు.

"కరిసిందా ఏంది?" అన్నాడు.

ఇప్పుడు చెప్తే సిగ్గుగా ఉంటుంది కానీ, మా వైపు మనుషులకు ఇది పుట్టుకతో వచ్చిన రోగం. ఒకరి వాకిట్లో మనకేమైనా అయితే ముందు వాళ్ళ మనసు కష్టపడకూడదని చూస్తాం. వాళ్ళ అరుగు మీద జారి పడి చెయ్యి విరిగినా "ఏం కాలే, ఏం కాలే" అంటూ లేస్తాం. నేనూ అదే అన్నాను.

"ఏం కాలే సార్. జర గీరింది."

"అట్లను మరి. గీరిందంతే. మా కుక్క కరవదు." ఆయన ముఖం తేటపడింది.

నేను మాట అందించాను, ఆయన పట్టుకున్నాడు. ఆ మాట తర్వాత నాకంటే ముందు నడిచింది.

మేడ మీది అమ్మ దిగి, పసుపూ సున్నమూ కలిపిన ముద్ద తెచ్చింది. మంచి మనిషే, చేతులు వణుకుతున్నాయి. నేను కుళాయి కింద కాలు పెడతానంటే ఒప్పుకోలేదు. "నీళ్ళు తగల్నియ్యకు నాయనా, చీము పడుతది" అంది. నాలుగు గాట్లూ ఆ ముద్దతో పూడ్చేసింది. మండి కళ్ళు తిరిగాయి. అది మంచిదనే నేనూ అనుకున్నాను, మా అమ్మ కూడా అదే చేసి ఉండేది. నీళ్ళూ సబ్బూ తగలాల్సిన చోట సున్నం పెట్టి, విషం ఉంటే లోపలే ఉండేలా మూత వేశామని అప్పుడు నాకు తెలియదు.

దగ్గర్లో గల్లీలో ఒక చిన్న ప్రైవేటు క్లినిక్ ఉంది, అక్కడికి పోయాను. కూర్చున్నాయన తల ఎత్తకుండా "కరిసిందా, గీరిందా?" అని అడిగాడు.

"గీరింది సార్."

చీటీ మీద అదే రాశాడు. పసుపు ముద్ద చూశాడు, తీయలేదు. గడ్డకట్టిన ఆ ముద్ద కింద గాట్లు ఎవరికి కనపడతాయి? ధనుర్వాతానికి ఒక సూది, కుక్కకాటు టీకా మొదటి డోసు వేశాడు, మిగతా డోసులకు ఎప్పుడెప్పుడు రావాలో చెప్పాడు. ఇంకేమైనా కావాలా అంటే, "గీరినదానికి ఇంతే. లోతుగ కరిస్తె వేరే సూది ఉంటది, అది నీకవసరం లేదు" అన్నాడు. పెద్ద గండం తప్పిందని సంతోషపడి, ఆయనకు దండం పెట్టి వచ్చాను. ఇది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇంటికి వచ్చాక నా భార్య కుర్చీలో కూర్చోబెట్టి కాలు ఎత్తి చూసింది. గోరుతో పసుపు పెచ్చు కొంచెం లేపింది. లోపలి గుంట చూసింది. చూసి అడిగింది, "గీరితె గుంటలు పడ్తయా?"

"డాక్టరు చూసిండు గదా" అన్నాను.

"ఏం చూసిండు? పసుపు చూసిండు."

బట్టల సబ్బు తెచ్చి, నేను కేకలు వేస్తున్నా వినకుండా, బిందెడు నీళ్ళు పోసి కడిగింది. అప్పటికి మధ్యాహ్నం దాటిపోయింది.

మర్నాడు కంపెనీకి చెప్పాను. మా మీద ఉండే సూపర్‌వైజరు గద్వాలలో ఉండేవాడు. మాటలో మంచివాడు. ఫొటోలు పంపమన్నాడు, పంపాను. ఎక్కడ జరిగింది, గేటు లోపలా బయటా అని అడిగాడు. లోపల అన్నాను. ఓటీపీ ఎక్కడ కొట్టావన్నాడు. బయట అన్నాను.

"గట్లయితె కష్టం అన్నా. మన ప్రమాద బీమా పార్సిల్ చేతిలున్నంతసేపే. నీ ఫోను చూస్తే, గేటు బయట సామాను అందింది, నీ పని అయిపోయింది. కరిసింది తర్వాత. రికార్డుల నువ్వు ఆ టైముకు ఊరికే తిరుగుతున్న మనిషివి."

"కవరు మెట్ల మీద పెట్టనీకి పోయిన గదన్నా లోపలికి."

"నాకు తెల్వదా అన్నా. ఫోనుకు తెల్వదు గద."

ఇంకొక దారి చెప్పాడు. కుక్క తమదేననీ, తమ వాకిట్లోనే, సామాను తీసుకుంటుండగానే కరిచిందనీ ఆ ఇంటివాళ్ళు ఒక మాట రాసిస్తే పైవాళ్ళను అడిగి చూస్తానన్నాడు. టీకా రెండో డోసు వేయించుకున్న రోజు, వాచిన కాలుతో మళ్ళీ ఆ ఇంటికి పోయాను. ఈసారి గేటు బయటే నిలబడ్డాను.

సార్ బయటికి వచ్చి గేటుకు అవతలే ఆగాడు. టీకాలు వేయించుకుంటున్న సంగతీ, రాసివ్వాల్సిన మాట సంగతీ చెప్పాను.

"మా కుక్క ఏంది?" అన్నాడు. "అది వీధి కుక్క. నువ్వు గేటు తెరిచి పెడితె నీ ఎంట లోపలికొచ్చింది. అసలు చెప్పకుండ లోపలికెందుకొచ్చినవ్?"

"అమ్మనే రమ్మంది సార్."

"ఆమె కవరు గేటుకు తగిలించమంది."

ఆయన భుజం మీదుగా చూశాను. మోటారు పెట్టె వెనక గొలుసు ఉంది, కుక్క లేదు. అన్నం గిన్నె బోర్లించి ఉంది. మేడ మీద కిటికీలో అమ్మ నిలబడి ఉంది. నేను చూడగానే పక్కకు తప్పుకుంది. అప్పుడు నాకు కోపమే వచ్చింది, భయం రాలేదు. పోయిన నాలుగు రూపాయల గురించీ, ఆయన మాట మార్చిన తీరు గురించీ మండిపడుతూ బండి తిప్పాను.

వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒక పెద్దమ్మ ఉండేది. ఎప్పుడైనా ఇల్లు దొరక్కపోతే ఆమెనే అడిగేవాణ్ణి. కుంటుతున్న నన్ను చూసి ఆపింది.

"ఆళ్ళ కుక్కనే గద బిడ్డా పట్టింది?"

"వీధి కుక్క అంటున్నరు."

"ఏడేండ్ల సంది ఆ గొలుసుకే ఉన్నది, వీధి కుక్క ఎట్లయితది?" అంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "దానికి పాణం బాగలేదు. నిన్ను పట్టకముందు రెండు దినాల సంది కూడు ముడుతలేదు. నిన్ను పట్టిన తెల్లారి ట్రాలీ ఆటోల ఏసుకొని తోటకు పంపిండ్రు. మూతికి బట్ట కట్టిండ్రు."

మూతికి బట్ట, జొల్లు, మొరగకపోవడం, అన్నీ ఒక్కసారిగా వరుసలో నిలబడ్డాయి. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలని అందరికీ తెలిసిన సంగతే. పది రోజులు కుక్క బతికి ఉంటే మనిషికి భయం లేదు. నా ప్రాణం ఆ కుక్క దగ్గర తాకట్టులో ఉంది, ఆ కుక్కను వాళ్ళు నా కంటికి కనపడకుండా దాచారు. బీమా, రాసిచ్చే మాట, అన్నీ ఎగిరిపోయాయి. అది బతికుందా లేదా, అంతే.

మర్నాడు పొద్దున్నే కొల్లాపూర్‌కు బండి తీశాను. బ్రేకు కుడి కాలితో తొక్కాల్సి వచ్చినప్పుడల్లా పిక్కలోంచి మంట తల దాకా పోయేది. తోట ఎక్కడో నాకు తెలియదు. కానీ పార్సిళ్ళు పంచినవాడికి ఇల్లు పట్టుకోవడం రాకపోతే ఇంకేం వస్తుంది? మిల్లు సారు తోట అని రెండు చోట్ల అడిగాను, దొరికింది.

కాపలాకు ఉన్నది నల్లమల నుంచి వచ్చిన మనిషి, నా వయసే ఉంటుంది. అడవిలో పని తగ్గినప్పుడు ఇలా తోటలకు వస్తామన్నాడు. కుక్క సంగతి అడిగితే తెల్వదన్నాడు. నేను ప్యాంటు పైకి మడిచి కాలు చూపించాను. ఆయన కూర్చుని, దగ్గరగా చూశాడు.

"సచ్చిపోయింది నిన్న" అన్నాడు చివరికి. "ఎవరికి చెప్పొద్దన్నడు సారు."

"ఎట్ల సచ్చింది?"

"దవడ జారిపోయింది. గిన్నెల నీళ్ళు పోస్తె మూతి పెడ్తది, మింగలేదు. ఎనక కాళ్ళు పడిపోయినయి. రేకు గిట్ల చప్పుడైతె లేసి కరువ వస్తది. నిన్న పొద్దుమీకి అయిపోయింది. ఆడ చెట్టు కింద పాతిపెట్టిన."

"నిన్ను కరిసిందా?"

"లేదు. మూతి బట్ట నేనే ఇప్పిన. చేతుల నిండ జొల్లు." అరచేతులు తిప్పి చూపించాడు. గడ్డి కోసిన చేతులు, వేళ్ళ మీద కొడవలి చీరిన పగుళ్ళు. మేమిద్దరం ఆ చేతుల వైపు చూస్తూ నిలబడ్డాం. తర్వాత ఆయన నా బండి వెనక ఎక్కాడు. తోట ఎవరు చూస్తారని నేను అడగలేదు, ఆయనా అనుకోలేదు.

నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానకు పోయాం. అక్కడి డాక్టరమ్మ మాట కటువు, చెయ్యి మెత్తన. నా చీటీ చూసి, "గీరిందని ఎవరు రాసిండ్రు?" అంది. నేనే చెప్పానన్నాను. కాలు తిప్పి, గాట్లు విడదీసి చూసింది.

"ఇది గీరుడా?" అంది. "అసలు గీరినా సరే, రక్తం వచ్చిందంటే కాటు కిందికే వస్తది. గీరింది కరిసింది అని మాటల్ల తేడా గాని, వైరస్‌కు తేడా ఏముంది?"

అప్పుడు విడమరిచి చెప్పింది. టీకా పనిచేయడం మొదలుపెట్టడానికి రోజులు పడుతుందట. ఆ లోపు గాయంలో ఉన్న విషాన్ని అక్కడికక్కడే ఆపడానికి వేరే సీరం ఉంటుంది. దాన్ని చేతికో నడుముకో కాదు, గాయంలోకే, దాని చుట్టూ, ఎంత పడితే అంత ఎక్కించాలి. మొదటి టీకాతో పాటే ఇవ్వాల్సింది. మొదటి టీకా వేసిన వారం దాటితే ఇక ఇవ్వరు, అప్పటికి ఒంట్లో శక్తి పుడుతుంటుంది, దానికి ఇది అడ్డం వస్తుంది. నా చీటీ మీది తేదీ వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఇంక టైమున్నది, నీ అదృష్టం" అంది. కుట్లు వేస్తారేమో అనుకున్నాను. వేయలేదు, ఇలాంటి గాయాన్ని మూసి కుట్టకూడదట. ముందు కుళాయి కింద సబ్బు నురగతో ఎంతసేపు కడిగించిందో. సున్నం పెళ్ళలు తెల్లగా మోరీలోకి పోయాయి. తూకం వేసి మందు కొలిచారు. నాలుగు గాట్లలోకీ, ముంజేతి గీతల్లోకీ సూది దిగిన ప్రతిసారీ నేను మంచం కడ్డీ పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. నర్సుకు అవి అలవాటే కావచ్చు. కాపలా మనిషి చేతుల పగుళ్ళు చూసి ఆయనకూ సీరం, టీకా రెండూ వేశారు.

ఆ తర్వాత నెలల తరబడి ఇంట్లో జరిగినదాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. చిన్నప్పుడు తన ఊళ్ళో ఒకాయన కుక్క కరిచి పోవడం నా భార్య కళ్ళారా చూసిందట, చెంబు చూపిస్తే గొంతు పట్టేసి అరిచేవాడట. ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. కానీ నేను నీళ్ళు తాగేటప్పుడల్లా కుట్టుమిషను ఆపేది. తల ఎత్తేది కాదు, మిషను మాత్రం ఆగేది. నేను గ్లాసు కింద పెట్టాకే మళ్ళీ కదిలేది. ఎందుకని ఒకసారి విసుక్కుంటే అప్పుడు చెప్పింది, చెప్పి ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరి లెక్కలో రాయాలో నాకిప్పటికీ తెలియదు.

అయినా నా కడుపు మండేది ఇందుకు కాదు. ఆ రోజు నాగర్‌కర్నూల్‌లో సూదులయ్యాక డాక్టరమ్మ అడిగింది: "ఆ కుక్కను ముట్టినోళ్ళు ఇంకెవరున్నరు? తిండి పెట్టినోళ్ళు, స్నానం చేయించినోళ్ళు. వాళ్ళకు చెప్పండి, అందరూ వచ్చి టీకా వేయించుకోవాలె."

నాకు వెంటనే మేడ మీది అమ్మ గుర్తొచ్చింది. నా కాలికి పసుపు పెట్టినప్పుడు వణికిన చేతులు, కుక్కకు అన్నం పెట్టిన చేతులు అవే. కోపం ఉన్నా సరే, మనిషి చావు కోరుకుంటామా? వరండాలోకి కుంటుకుంటూ పోయి, గోడకు ఆనుకుని సారుకు ఫోను చేశాను. ఎత్తాడు.

"సార్, తోటకు పోయొచ్చిన. మీ కుక్క పిచ్చి లేసి సచ్చింది. మీరు, అమ్మ తొందరగ టీకా వేయించుకోండ్రి. ఆలస్యం చేయొద్దంటున్నరు డాక్టరమ్మ."

ఆయన కంగారు పడలేదు. అదే నాకు మొదట వింతగా అనిపించింది.

"మేం ఎప్పుడో వేయించుకున్నం తమ్మీ" అన్నాడు. "నిన్ను పట్టిన తెల్లారి పశువుల డాక్టరుకు చూపిస్తె, ఇది పిచ్చి లక్షణమే, ముట్టినోళ్ళంత సూదులేసుకోండ్రి అన్నడు. ఆ రోజే హైదరాబాద్ పోయి ఇద్దరం వేయించుకొచ్చినం."

గేటుకు అవతల నిలబడి వీధి కుక్క అన్న రోజు, ఆయన ఒంట్లో అప్పటికే టీకా ఉంది.

"మరి నాకెందుకు చెప్పలే సార్?"

"నువ్వు ఎట్లాగో సూది వేయించుకున్ననన్నవ్ గద" అన్నాడు, ఎంతో మంచిగా, తమ్ముడికి నచ్చజెప్పినట్టు. "ఊకె నిన్ను భయపెట్టుడు ఎందుకని."